నర్సరీ గేటు దగ్గర ఏడుపు: కారణం, పరిష్కారం

సమస్య: దారంతా కబుర్లు చెబుతూ వచ్చిన మూడేళ్ల పాప, టీచర్ చేతులు చాచగానే అమ్మ మెడ పట్టుకుని వదలదు. బుజ్జగించేకొద్దీ ఏడుపు పెరుగుతుంది.

కారణం: అమ్మానాన్నలను వదలాలంటే భయపడటం ఈ వయసులో సహజమే. ఎనిమిది నెలలప్పుడు మొదలయ్యే ఈ భయం చాలామంది పిల్లల్లో మూడేళ్ల ప్రాంతంలో తగ్గుతుంది. గేటు దగ్గర దాన్ని పెంచేది మాత్రం ఎక్కువగా మన తడబాటే. "వెళ్తాను" అని ఆగిపోతాం, నాలుగడుగులు వేసి ఏడుపు వినగానే వెనక్కి వస్తాం. ఇంకాస్త గట్టిగా ఏడిస్తే అమ్మ ఆగుతుందని పాపకు అర్థమవుతుంది. మన ముఖంలో టెన్షన్ కనిపిస్తే, ఇక్కడ భయపడాల్సింది ఏదో ఉందనుకుంటుంది.

పరిష్కారం: వీడ్కోలు ఒక్క నిమిషంలో ముగియాలి, రోజూ ఒకేలా ఉండాలి. చెప్పులు విప్పించి, బ్యాగు పెట్టించి, గట్టిగా హత్తుకుని ఒక ముద్దు పెట్టండి. తర్వాత ఒకే మాట: "అన్నం తిని, బజ్జుని లేచేసరికి అమ్మ వచ్చేస్తుంది." మూడేళ్ల పిల్లలకు గడియారం తెలియదు కానీ, దేని తర్వాత ఏది వస్తుందో తెలుసు. ఒంటిపూట నర్సరీ అయితే "స్నాక్స్ తిని ఆడుకున్నాక" అనండి. చెప్పిన వేళకే వెళ్లండి. మొదటి వారాల్లో ఆలస్యం చేస్తే ఆ మాట మీద నమ్మకం పోతుంది.

ఏడుస్తున్నా సరే, పాపను టీచర్ చేతికిచ్చి వెళ్లిపోండి. కిటికీలోంచి తొంగి చూడొద్దు. పాపను అందుకోగానే బొమ్మలో, క్రేయాన్సో చేతికివ్వమని టీచర్‌కు ముందు రోజే చెప్పి ఉంచండి. అమ్మను అస్సలు వదలకపోతే కొన్నాళ్లు నాన్నో తాతయ్యో దించి చూడండి, చాలాసార్లు తేడా కనిపిస్తుంది.

సమస్య: నర్సరీలో చేరాక ఇంట్లో కూడా అమ్మ కొంగు వదలడం లేదు, బాత్రూమ్ తలుపు దగ్గర కూడా కూర్చుంటోంది.

కారణం: బొమ్మ చూపించి, పాప అటు తిరగ్గానే జారుకోవడం. "చాక్లెట్ తెస్తా, ఇప్పుడే వస్తా" అని సాయంత్రం దాకా రాకపోవడమూ అంతే. అమ్మ ఏ క్షణంలోనైనా మాయమవుతుందని పాప కాపలా కాస్తోంది.

పరిష్కారం: ఏడ్చినా సరే, చెప్పే వెళ్లండి. ఇంట్లో నానమ్మ దగ్గర వదిలి కూరగాయలకు వెళ్లేటప్పుడు కూడా అదే ముద్దు, అదే తీరు. "ఏడిస్తే టీచర్ కొడుతుంది" అని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. పాపను ఊరుకోబెట్టాల్సిన మనిషి మీదే భయం పెట్టినట్టవుతుంది.

సమస్య: మొదటి వారం హాయిగా వెళ్లింది, రెండో వారం నుంచి ఏడుపు.

కొత్త బొమ్మల మోజు తీరి, ఇది రోజూ ఉండేదేనని ఇప్పుడే తెలిసింది. పండగ సెలవుల తర్వాతా ఇంతే. పద్ధతి మార్చకండి, "ఈ ఒక్కరోజు మానేద్దాం" అనకండి.

మీరు వెళ్లిన అరగంటకు టీచర్‌కు ఫోన్ చేయండి. పది, పదిహేను నిమిషాల్లో ఆటలో పడితే దారిలో ఉన్నట్టే. రోజంతా ఏడ్చినా, అక్కడ ఏమీ తినకపోయినా, నాలుగు వారాలైనా తగ్గకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఒక మనిషి పేరెత్తితేనే బెదిరితే అన్నాళ్లు ఆగొద్దు. అక్కడేం జరుగుతోందో ఆ రోజే వెళ్లి కనుక్కోండి.