వాచీ అద్దం మీద గీత పడితే ఏం చేయాలి?

ముందు ఆ అద్దం ఏ రకమో తెలియాలి: అక్రిలిక్ అనే ప్లాస్టిక్కా, మినరల్ గ్లాస్ అనే గాజా, సఫైర్ అనే గట్టి స్ఫటికమా అని. వాచీ వెనక మూత మీద సఫైర్ అని రాసి ఉంటే పని తేలికే. లేకపోతే గోటితో మెల్లగా తట్టి చూడండి. మొద్దుగా, ప్లాస్టిక్ డబ్బా మీద తట్టినట్టు వినిపిస్తే అది అక్రిలిక్. గాజులా టంగుమంటే మినరల్ గ్లాస్ గానీ సఫైర్ గానీ అయ్యుంటుంది. ఈ రెండింటినీ ఇంట్లో వేరు చేయడం కష్టం. నీటిచుక్క వేసి చూసే పద్ధతి ఒకటుంది కానీ, అద్దం మీద జిడ్డు ఉన్నా కోటింగ్ ఉన్నా అది తప్పుదారి పట్టిస్తుంది.

గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద అక్రిలిక్ సుమారు 3, మినరల్ గ్లాస్ 5.5 నుంచి 6, సఫైర్ 9. దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7. అంటే దుమ్ము పట్టిన మినరల్ గ్లాస్‌ని చొక్కా అంచుతో తుడిచినా గీత పడొచ్చు. గోడకు గీసుకున్నప్పుడు గీసేది కూడా సిమెంటులోని ఇసుకే. సఫైర్‌కి ఆ భయం లేదు.

అక్రిలిక్ అయితే గీతని మీరే పోగొట్టుకోవచ్చు. అద్దం చుట్టూ ఉన్న లోహపు అంచుకి టేపు అంటించండి. అక్రిలిక్ పాలిష్ పేస్టు బఠాణీ గింజంత వేసి, మెత్తటి నూలుగుడ్డతో గీతకి అడ్డంగా, కాస్త గట్టిగా, నాలుగైదు నిమిషాలు రుద్దండి. తుడిచి, లైటు కింద వాచీని వంచి చూడండి. గీత ఇంకా ఉంటే మళ్లీ ఒకసారి. గోరు తగులుకునేంత లోతు గీతైతే పేస్టు ఒక్కటే చాలదు. ముందు 2000 నంబరు గరుకు కాగితాన్ని తడిపి గీత పోయేదాకా రుద్దాలి. అద్దమంతా పాలలా మసకబారుతుంది, చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. టెన్షన్ పడకండి, పేస్టుతో రుద్దితే ఆ మసక పోతుంది. సన్నటి పగులు మాత్రం పాలిష్‌తో పోదు.

మినరల్ గ్లాస్‌ని ఇంట్లో రుద్దొద్దు. గంటలు పడుతుంది, పైగా ఒకచోటే అరిగితే అంకెలు వంకరగా కనిపిస్తాయి. కొత్త అద్దం వేయించుకోవడమే మేలు, ఖర్చూ పెద్దగా ఉండదు.

సఫైర్ మీద గీత కనిపిస్తే కంగారు పడేముందు ఒక్కటి గమనించండి. సఫైర్ మిగతా రెండింటికన్నా వెలుతురుని ఎక్కువగా తిప్పికొడుతుంది. ఆ మెరుపు తగ్గించడానికి చాలా వాచీల్లో కోటింగ్ వేస్తారు. అది అద్దం పైవైపు కూడా ఉంటే గీత పడేది ఆ పలుచటి పొరకే. లోపలివైపు మాత్రమే కోటింగ్ ఉన్న వాచీ కొనమని నేను చెప్పేది అందుకే. సఫైర్‌కే గీత పడితే అద్దం మార్చాలి, మూడింటిలో ఎక్కువ ఖర్చు దీనికే. గట్టి దెబ్బకి ఇది పగులుతుంది కూడా. అలా పగిలితే వాచీని ఊపకండి, కీ తిప్పకండి. లోపల పడ్డ ముక్కలు డయల్‌ని గీసేస్తాయి. ముల్లు ఆపడానికి ఆ కీనే తిప్పకుండా బయటికి లాగి, అలాగే మెకానిక్‌కి ఇవ్వండి.