రెస్టారెంట్ బ్రాంచిల అమ్మకాలను సరిగ్గా పోల్చడం ఎలా?

హైదరాబాద్‌లో ఒక టిఫిన్ల చెయిన్ ఉందనుకుందాం. పోయిన ఏడాది నాలుగు వారాల్లో అమీర్‌పేట బ్రాంచి 30 లక్షల, కూకట్‌పల్లి 24 లక్షల అమ్మకాలు చేశాయి. ఈ ఏడాది అవే వారాల్లో అమీర్‌పేట 31.5, కూకట్‌పల్లి 21, కొత్తగా తెరిచిన నిజాంపేట 16 లక్షలు. మొత్తం 54 నుంచి 68.5 లక్షలకు పెరిగింది, అంటే 27 శాతం. ఈ అంకె చూసి నాలుగో బ్రాంచికి అడ్వాన్స్ ఇచ్చేయకండి.

ముందు అంకెలు శుభ్రం చేయండి. బిల్లులోంచి 5 శాతం జీఎస్టీ తీసేయండి. యాప్ ఆర్డర్లకు బ్యాంకులో పడిన డబ్బు కాకుండా, కమిషన్ కోయకముందు ఉన్న బిల్లు విలువ రాసుకోండి. లేకపోతే పార్సిల్స్ ఎక్కువున్న బ్రాంచి తక్కువ అమ్మినట్టు కనిపిస్తుంది. నెలకు నెల పోల్చడం కూడా వద్దు. 2024 ఆగస్టులో ఆదివారాలు 4, 2025 ఆగస్టులో 5. టిఫిన్ హోటల్‌కు ఒక్క ఆదివారం ఎంత తేడా తెస్తుందో గల్లా పెట్టె దగ్గర కూర్చున్నవాళ్లకు తెలుసు. సోమవారం మొదలై ఆదివారంతో ముగిసే 4 వారాలు తీసుకోండి.

తర్వాత సేమ్-స్టోర్ లెక్క. రెండేళ్లూ పూర్తిగా నడిచిన బ్రాంచిలనే ఉంచండి. రిపేర్లకని కొన్నాళ్లు మూసినదాన్ని రెండు వైపులా తీసేయండి. మన లెక్కలో మిగిలేవి అమీర్‌పేట, కూకట్‌పల్లి: 54 లక్షల నుంచి 52.5 లక్షలు. పెరగలేదు సరికదా, దాదాపు 3 శాతం తగ్గింది.

ఎక్కడ తగ్గిందో చూడాలంటే బిల్లులు లెక్కపెట్టాలి. అమీర్‌పేటలో పోయినేడు 15,000 బిల్లులు, సగటున 200 రూపాయలు. ఈసారి రేట్లు పెంచాక సగటు 212 అయింది, బిల్లులు మాత్రం 14,858. కాబట్టి అక్కడి 5 శాతం పెరుగుదల రేట్ల వల్ల వచ్చిందే. కస్టమర్లు పెరగలేదు.

కూకట్‌పల్లి సంగతి వేరు. దాని పార్సిల్ ఏరియాలో కొంత నిజాంపేటకు పోయింది. ఇలాంటప్పుడు మేనేజర్‌ను నిలదీయడం అన్యాయం. డామినోస్‌ను మన దేశంలో నడిపే జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ కూడా ఇలా ఏరియా పంచుకున్న స్టోర్లను పక్కనపెట్టి, మిగిలిన పాత స్టోర్ల పెరుగుదలను లైక్-ఫర్-లైక్ అంకెగా విడిగా చూపిస్తుంది. మీరు ఆ రెండు బ్రాంచిలనూ కలిపి చూడండి: 24 లక్షలు 37 లక్షలైంది.

చివరగా చదరపు అడుగుకు అమ్మకం. టేపు పట్టి, కిచెన్‌తో సహా లోపలి కార్పెట్ ఏరియా కొలవండి. అద్దె అగ్రిమెంట్‌లోది తరచుగా సూపర్ బిల్టప్. 800 అడుగుల నిజాంపేట షాపు అందులో 1,100 అని ఉండొచ్చు. కొలిచిన లెక్కన అమీర్‌పేట (1,500 అడుగులు) అడుగుకు 2,100 రూపాయలు, నిజాంపేట 2,000, కూకట్‌పల్లి (2,000 అడుగులు) 1,050.

నిజాంపేట బాగున్నట్టే ఉంది. కానీ దాని 16 లక్షల్లో 11 లక్షలు పార్సిల్సే. కూర్చుని తిన్నవాళ్ల నుంచి వచ్చింది అడుగుకు 625 రూపాయలు. కూకట్‌పల్లిలో పార్సిల్స్ 4 లక్షలే కాబట్టి అదే అంకె 850. అంటే నిజాంపేటలో సంపాదిస్తున్నది కిచెన్, హాలు కాదు. ఆ చుట్టుపక్కల ఇంకో షాపు చూస్తే పెద్ద కిచెన్, ముందు ఒక కౌంటర్ ఉంటే చాలు. టేబుళ్ల కోసం అద్దె కట్టక్కర్లేదు.