పాజిటివ్ రిపోర్టు వస్తే జబ్బు ఉన్నట్టేనా? లెక్క వేసి చూసుకోవడం ఎలా?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా వదిన ఆఫర్‌లో హోల్ బాడీ చెకప్ చేయించుకుంది. ఆవిడకు 54 ఏళ్లు, ఏ ఇబ్బందీ లేదు. రాత్రికి ఫోన్‌లోకి వచ్చిన రిపోర్టులో సీఏ-125 దగ్గర 48 అని ఎర్రగా ఉంది. మామూలుగా 35 దాటకూడదు. అండాశయ క్యాన్సర్‌లో పెరిగే ప్రొటీన్ అది. వదిన అప్పటికే ఎక్కడో చదివేసి ఫోన్ చేసింది: "క్యాన్సర్ ఉంటే ఈ టెస్ట్ నూటికి 75 మందిని పట్టేస్తుందట. అంటే నాకు ఉండే అవకాశం 75 శాతమేనా?"

కాదు. ఎందుకు కాదో ఒక కాగితం మీద తేల్చుకోవచ్చు.

ముందు ప్రశ్నను రెండు వైపుల నుంచీ రాయండి. "జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమందికి పాజిటివ్ వస్తుంది?" అనేది ఒకటి. "పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి జబ్బు ఉంటుంది?" అనేది రెండోది. వదిన చదివిన 75 మొదటిదానికి జవాబు, ఆవిడకు కావాల్సింది రెండోది. మన ఊళ్లో ఆటో డ్రైవర్లలో చాలామంది ఖాకీ చొక్కా వేసుకుంటారు. అలాగని ఖాకీ చొక్కా కనపడగానే "ఆటో వస్తుందా?" అని అడిగితే, ఆ మనిషి హోంగార్డో ఆర్టీసీ కండక్టరో అయి ఉండొచ్చు.

రెండో మెట్టు అందరూ మరిచిపోయేది. టెస్ట్‌కు ముందే, ఇలాంటివాళ్లలో ఆ జబ్బు ఎంతమందికి ఉంటుందో రాసుకోవాలి. శాతాలు వద్దు, మనుషుల్నే లెక్కపెట్టండి. యాభై దాటి, ఏ లక్షణమూ లేని ఆడవాళ్లు 10,000 మంది ఉన్నారనుకుందాం. అండాశయ క్యాన్సర్ అరుదైనది కాబట్టి వాళ్లలో నలుగురికి ఉందని పెట్టుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న గుండ్రటి అంకెలే, కానీ మరీ గాలి అంకెలు కావు.

ఇప్పుడు అందరికీ టెస్ట్ చేయండి. నలుగురిలో 75 శాతం అంటే ముగ్గురు దొరుకుతారు, ఒకరు తప్పిపోతారు. మిగిలిన 9,996 మందికి జబ్బు లేదు. టెస్ట్ వాళ్లలో నూటికి ఇద్దరి దగ్గరే పొరపడుతుందనుకుందాం. చెప్పుకోవడానికి చాలా మంచి టెస్టే. అయినా అంతమందిలో ఆ ఇద్దరు చొప్పున లెక్కేస్తే 200 మంది అవుతారు.

చివరగా పాజిటివ్ వచ్చినవాళ్లనే ఒక గదిలో కూర్చోబెట్టండి. మొత్తం 203 మంది. వాళ్లలో జబ్బు నిజంగా ఉన్నది ముగ్గురికి. అంటే నూటికి ఒకటిన్నర. ఇంటర్ 2ఏలో మనం బట్టీపట్టిన బేయస్ సిద్ధాంతం ఇదే, D అంటే జబ్బు ఉండటం, + అంటే పాజిటివ్ రావడం:

```
P(D|+) = P(+|D) × P(D) / P(+)
       = 0.75 × 0.0004 / 0.0203 ≈ 0.015
```

"మరి ఆ రెండు వందల మందికి ఎందుకు పెరిగింది?" అని వదిన అడిగింది. మంచి ప్రశ్న. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, ఎండోమెట్రియోసిస్, కడుపులో టీబీ, లివర్ జబ్బులు, చివరికి నెలసరి, గర్భం కూడా సీఏ-125ను పెంచుతాయి. నెలసరి ఆగని వయసులో వీటిలో చాలావరకు ఎక్కువ కాబట్టి, అక్కడ తప్పుడు పాజిటివ్‌లు నూటికి రెండు దగ్గర ఆగవు. ఎవరి మధ్య కొలిచిన అంకె అన్నది చూడకుండా పట్టుకొచ్చి లెక్కలో పెడితే జవాబు చెడిపోతుంది.

రెండో మెట్టులోని అంకె మారితే కథంతా మారుతుంది. కడుపు ఉబ్బరం తగ్గక, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండి, స్కాన్‌లో అండాశయం మీద అనుమానంగా గడ్డ కనపడినవాళ్లు 100 మంది ఉన్నారనుకోండి. వాళ్లలో 20 మందికి క్యాన్సర్ ఉంటే, 15 మందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 80 మందిలో తప్పుడు పాజిటివ్ నూటికి పది అనుకున్నా 8 మందే. 23లో 15, అంటే దాదాపు 65 శాతం. అదే 48, అదే కాగితం, కానీ ఇక్కడ ఆలస్యం చేయకూడదు. ఇంట్లో తల్లికో అక్కచెల్లెళ్లకో ఈ క్యాన్సర్ వచ్చి ఉన్నా మొదటి లెక్క పనికిరాదు.

లక్షణాలు లేనివాళ్లకు ఈ టెస్ట్‌తో ఏం ఒరుగుతుందో బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా ఆడవాళ్ల మీద చూశారు. 2021లో వచ్చిన ఫలితాల్లో ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య తగ్గినట్టు తేలలేదు. మరి ప్యాకేజీల్లో దాన్ని ఎందుకు పెడతారో నాకైతే ల్యాబ్ బిల్లు చూస్తేనే అర్థమవుతుంది.

అన్నయ్య వెంటనే "రేపు ఇంకో ల్యాబ్‌లో మళ్లీ చేయిద్దాం" అన్నాడు. ల్యాబ్ పొరపాటు చేసి ఉంటే అది బయటపడుతుంది. కానీ అంకె పెరగడానికి కారణం ఫైబ్రాయిడ్ అయితే, ఎన్ని ల్యాబుల్లో చేసినా అది పెరిగే ఉంటుంది. రెండోసారి పాజిటివ్ రావడాన్ని కొత్త సాక్ష్యంగా లెక్కేయకూడదు. వేరే దారిలో చూసే పరీక్ష కావాలి, ఇక్కడ అది అల్ట్రాసౌండ్.

గైనకాలజిస్టు కూడా స్కానే రాసింది. అండాశయాలు మామూలుగా ఉన్నాయి, గర్భసంచిలో పాత ఫైబ్రాయిడ్ ఒకటి కనపడింది. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే సీఏ-125 46 ఉంది. అంకె పైకి ఎక్కుతూ పోవడం లేదు కాబట్టి అప్పటికి చాలంది డాక్టరు.