ఉద్యోగ లేఖలు – 6వ పాఠం: చెప్పిన తేదీ దాటినా ఇంటర్వ్యూ ఫలితం రానప్పుడు

గత పాఠంలో ఇంటర్వ్యూ మరునాడు పంపే కృతజ్ఞతల మెయిల్ రాశాం. ఈసారి రాయాల్సినది అంతకన్నా చిన్నదే కానీ చెడగొట్టుకునే అవకాశం ఎక్కువ. క్యాంపస్ ఇంటర్వ్యూ అయింది, ఫలానా రోజుకల్లా చెబుతామన్నారు, ఆ రోజు గడిచిపోయింది. ఇప్పుడు ఎవరికి, ఎప్పుడు, ఏమని రాయాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం తన కళాశాలలోనే టెక్నికల్, హెచ్‌ఆర్ రౌండ్లు ముగించింది. వెళ్లేముందు హెచ్‌ఆర్ అధికారిణి అందరినీ కూర్చోబెట్టి, ‘పది పనిదినాల్లో ఫలితాలు పంపుతాం’ అన్నారు. సెప్టెంబర్ 29 రాగానే మన విద్యార్థినికి గడువు దాటిపోయిందనిపించింది. నిజానికి దాటలేదు. శని, ఆదివారాలు సెలవైన కంపెనీలో 22వ తేదీ సోమవారం మొదటి పనిదినం, 26 నాటికి అయిదు. 29, 30, అక్టోబర్ 1 కలిపితే ఎనిమిది. అక్టోబర్ 2న గాంధీ జయంతి, విజయదశమి ఒకే రోజు వచ్చాయి కాబట్టి సెలవు. 3వ తేదీ తొమ్మిదోది, 6వ తేదీ సోమవారం పదోది. మహర్నవమికి కూడా సెలవిచ్చే కార్యాలయమైతే 7. సెప్టెంబర్ 29న మెయిల్ పంపి ఉంటే, గడువుకు వారం ముందే తొందరపెట్టినట్టయ్యేది. కాబట్టి ముందుగా క్యాలెండర్ తీసి లెక్క వేయండి, పైన ఒక రోజు వదలండి. ఈమె రాయాల్సిన రోజు అక్టోబర్ 8, బుధవారం ఉదయం.

రాసే ముందు చూడాల్సిన చోట్లు మూడు: మెయిల్‌లో స్పామ్ ఫోల్డర్, దరఖాస్తు చేసిన పోర్టల్‌లో మీ స్థితి, ప్లేస్‌మెంట్ సెల్ నోటీసులు. జాబితా రెండు రోజుల కిందటే నోటీసు బోర్డు ఎక్కి ఉంటే, మీ మెయిల్ చదివిన అధికారికి వచ్చే అభిప్రాయం మీకు పనికొచ్చేది కాదు.

ఇక ఎవరికి రాయాలన్నది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మీ కళాశాలకే వచ్చిన డ్రైవ్‌లో కంపెనీ మాట్లాడేది మామూలుగా ప్లేస్‌మెంట్ సెల్‌తో. ఎంపిక జాబితా కూడా ముందు అక్కడికే వస్తుంది. అందువల్ల మొదటి మెయిల్ మీ ప్లేస్‌మెంట్ అధికారికి. ఆయన్ను దాటి హెచ్‌ఆర్‌కు నేరుగా రాయడం చాలా కళాశాలల్లో నిబంధనకు విరుద్ధం. ఒకే తరగతి నుంచి ఇరవై మంది విడివిడిగా రాస్తే విసుగు పుట్టేది కళాశాల మీదే. పూల్ డ్రైవ్‌లోనో, బయట నేరుగానో హాజరైనప్పుడు మాత్రం, హెచ్‌ఆర్ మీకు ఇంటర్వ్యూ సమయం తెలిపిన మెయిల్‌కే జవాబుగా రాయండి. పాత మెయిల్ కిందనే ఉంటుంది కనుక మీరెవరో వెతుక్కునే పని వారికి ఉండదు.

ఇప్పుడు ఒక చెడ్డ ప్రతి చూద్దాం.

‘సార్, ఇంటర్వ్యూ అయి చాలా రోజులైంది. మీరు చెప్పిన గడువు దాటిపోయింది. నా స్నేహితులందరికీ ఉద్యోగాలు వచ్చేశాయి, ఇంట్లో అడుగుతున్నారు. నేను ఎంపికయ్యానో లేదో దయచేసి వెంటనే చెప్పండి.’

ఇందులో అబద్ధమేమీ లేదు, అయినా జవాబు రాదు. ఏ డ్రైవ్, ఏ ఉద్యోగం, ఏ హాల్ టికెట్ నంబరో లేదు. ఇంట్లో అడగడం మీకు పెద్ద విషయమే కానీ దానితో అవతలివారు చేయగలిగింది ఏమీ లేదు. అన్నిటికంటే ఇబ్బంది చివరి ప్రశ్నతో. ఆలస్యానికి కారణం చాలాసార్లు మీ ఇంటర్వ్యూతో సంబంధం లేనిదై ఉంటుంది: మిగతా కళాశాలల్లో డ్రైవ్‌లు పూర్తి కాకపోవడం, ఎంతమందిని తీసుకోవాలో పైనుంచి ఆమోదం రాకపోవడం వంటివి. అలాంటప్పుడు ‘ఎంపికయ్యానా’ అన్న దానికి హెచ్‌ఆర్ జవాబు చెప్పలేరు, చెప్పలేని దాన్ని పక్కన పెడతారు. ‘ఎప్పటికి తెలియవచ్చు’ అంటే ఒక్క వాక్యంలో చెప్పగలరు. అందుకే ఫలితం అడగవద్దు, తేదీ అడగండి.

మెయిల్ ఇంగ్లీషులో వెళ్లేదే అయినా, ఈ ధారావాహికలో అలవాటు ప్రకారం చిత్తుప్రతి తెలుగులో వేసుకుందాం.

‘విషయం: సెప్టెంబర్ 19 డ్రైవ్ ఫలితాల తేదీ – ఈసీఈ – (పేరు, హాల్ టికెట్ నంబర్)

ప్లేస్‌మెంట్ అధికారి గారికి నమస్కారం.

సెప్టెంబర్ 19న మన కళాశాలలో జరిగిన డ్రైవ్‌లో గ్రాడ్యుయేట్ ట్రైనీ ఉద్యోగానికి టెక్నికల్, హెచ్‌ఆర్ రౌండ్లకు హాజరయ్యాను. పది పనిదినాల్లో ఫలితాలు పంపుతామని ఆ రోజు చెప్పారు. దసరా సెలవు తీసివేస్తే అది అక్టోబర్ 6. నా మెయిల్‌లో, పోర్టల్‌లో, సెల్ నోటీసుల్లో ఇంతవరకు సమాచారం కనిపించలేదు.

ఫలితాలు ఎప్పటికి రావచ్చో కంపెనీ మీకేమైనా తెలిపిందా? అక్టోబర్ 11న జరిగే డ్రైవ్‌కు నమోదు గడువు 10వ తేదీ సాయంత్రంతో ముగుస్తుంది. ఈ ఫలితం తేలకముందు అందులో పేరు నమోదు చేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయా?

(పేరు, విభాగం, ఫోన్ నంబర్)’

రెండో ప్రశ్న ఎందుకు చేర్చామో గమనించండి. ఒక విద్యార్థికి ఒకే ఉద్యోగం అన్న నియమం చాలా కళాశాలల్లో ఉంది. ఫలితం పెండింగ్‌లో ఉన్నవారిని తర్వాతి డ్రైవ్‌కు పంపాలా వద్దా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆలస్యం వల్ల నిజంగా జరిగే నష్టం ఇదే. పైగా ఇది ప్లేస్‌మెంట్ అధికారి తన కుర్చీలోంచే తేల్చగల విషయం. ‘అక్టోబర్ 10’ అన్న గడువు ఉండటంతో మెయిల్‌కు తొందర దానంతటదే వచ్చింది, ‘అత్యవసరం’ అని రాయనక్కర్లేదు.

హెచ్‌ఆర్‌కు నేరుగా రాసే ప్రతిలో ఈ రెండో ప్రశ్న తీసేయండి, మన కళాశాల నియమాలతో వారికి పని లేదు. చేతిలో వేరే ఆఫర్ ఉండి, దానికి జవాబివ్వాల్సిన తేదీ దగ్గరపడితే ఆ తేదీ ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. లేని ఆఫర్‌ను మాత్రం కల్పించకండి. క్యాంపస్ ఆఫర్ల పట్టిక ప్లేస్‌మెంట్ సెల్‌లో ఉంటుంది, ఒక్క ఫోన్ కాల్‌తో బండారం బయటపడుతుంది.

జవాబులు అర్థం చేసుకోవడం కూడా పాఠంలో భాగమే. ‘ప్రక్రియలో ఉంది’ అంటే ఇంకా ఏమీ తేలలేదని, అంతకుమించి ఆశగానీ నిరాశగానీ అందులో వెతకవద్దు. ‘ఎంపికైనవారికి మాత్రమే తెలియజేస్తాం’ అంటే ఇక మౌనమే జవాబు కావచ్చు, రెండో మెయిల్ దండగ. కొత్త తేదీ ఇస్తే అది దాటేదాకా ఆగండి. అసలు జవాబే రాకపోతే అయిదు పనిదినాల తర్వాత, అంటే అక్టోబర్ 15న, దీపావళి సెలవులకు ముందే, అదే మెయిల్ కింద రెండు వాక్యాలు చాలు: ‘అక్టోబర్ 8న రాసిన దాని గురించి గుర్తు చేస్తున్నాను. కొత్త సమాచారం ఉంటే తెలియజేయగలరు.’ మూడోసారి రాయవద్దు, సెల్‌కు స్వయంగా వెళ్లి అడగండి. హెచ్‌ఆర్ సొంత వాట్సాప్ నంబరు ఎవరో ఇచ్చినా దాని జోలికి పోవద్దు.

అభ్యాసం: ఒక పూల్ డ్రైవ్‌లో ఇంటర్వ్యూ 2025 అక్టోబర్ 10, శుక్రవారం జరిగింది. ఏడు పనిదినాలు గడువు. శని, ఆదివారాలు సెలవు, అక్టోబర్ 20 దీపావళి. మెయిల్ ఏ తేదీన పంపుతారో లెక్క కట్టి, హెచ్‌ఆర్‌కు అయిదు వాక్యాలు మించకుండా రాయండి. సరిచూసుకోవడానికి: గడువు 22, బుధవారం, పంపేది 24, శుక్రవారం. ఎంపికైనట్టు కబురు వచ్చి, ఆఫర్ లెటర్ మాత్రం రాకపోతే ఎలా రాయాలో 7వ పాఠంలో.