జాయింట్ అకౌంట్ ఆపరేటింగ్ సూచన ఎలా సరిచూసుకోవాలి? ముఖ్యంగా ఎఫ్‌డీ ఉన్నవాళ్లు

బ్యాంకులో క్లర్కుగా చేరి మేనేజరుగా రిటైరయ్యాక తిరుపతిలోనే ఉండిపోయాను. వీధిలో ఎవరింట్లో చావు జరిగినా, పదకొండో రోజు దాటాక పాస్‌బుక్కుల సంచి ఒకటి మా వరండాలోకి వస్తుంది. వచ్చినవాళ్లంతా మొదట చెప్పే మాట ఒకటే: "జాయింటే కదా సార్, ఇబ్బంది లేదు కదా?" జాయింట్ అన్న మాట ఏమీ చెప్పదండీ. ఇద్దరి పేర్లు ఉన్నాయని చెబుతుంది, అంతే. డబ్బు ఎవరు తీయొచ్చు, ఒకరు పోతే ఎవరి చేతికి ఇవ్వాలి అన్నది వేరే చోట, ఫారంలో ఒక చిన్న గడిలో ఉంటుంది, అదే ఆపరేటింగ్ సూచన. ఆ గడి చూసినవాళ్లు నా దగ్గరికి వచ్చినవాళ్లలో పదికి ఒకరు కూడా లేరు.

కావలసినవి: పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ బాండ్లు, ఇద్దరి ఆధార్, ఒక తెల్ల కాగితం. ఒక పూట టైం. సోమవారం, ఒకటో తారీకు వద్దు. పింఛన్ల రద్దీలో కౌంటర్ దగ్గర ఎవరూ మీ మాట వినరు.

మొదట గడి చూడండి

పాస్‌బుక్ మొదటి పేజీలో పేర్ల కింద ఆపరేషన్ విధానం అని ప్రింటయి ఉంటుంది. లేకపోతే కౌంటర్లో అడగండి, స్క్రీన్ మీద చూసి చెబుతారు. నోటిమాట నమ్మొద్దు, ప్రింట్ తీసి ఇమ్మనండి. ప్రతి ఎఫ్‌డీకీ విడివిడిగా చూడాలి. సేవింగ్స్‌లో ఒకటి ఉందని ఎఫ్‌డీలోనూ అదే ఉంటుందనుకోకండి. ఏళ్ల తరబడి రెన్యూ అవుతూ వచ్చిన ఎఫ్‌డీకి పాత సూచనే వెంట వస్తుంది. ఎవరూ పిలిచి "మార్చుకుంటారా" అని అడగరు.

మీకు కనిపించేది సాధారణంగా ఈ నాలుగింట్లో ఒకటి అయి ఉంటుంది. ఐదర్ ఆర్ సర్వైవర్ అంటే ఇద్దరిలో ఎవరైనా తీయొచ్చు, ఒకరు పోతే మిగిలినవాళ్లకు ఇస్తారు. ముగ్గురు నలుగురు ఉంటే దాన్నే ఎనీవన్ ఆర్ సర్వైవర్ అంటారు. ఫార్మర్ ఆర్ సర్వైవర్ అంటే మొదటి పేరువాళ్లు బతికున్నంత కాలం వాళ్లే తీయాలి, రెండో పేరువాళ్లకు వాళ్ల తర్వాతే. జాయింట్లీ అంటే ప్రతిసారీ అందరి సంతకాలూ కావాలి. ఇందులో సర్వైవర్ అన్న మాట లేకపోతే, ఒకరు పోగానే మిగిలినవాళ్లతో పాటు పోయినవాళ్ల వారసులు కూడా రావాల్సి ఉంటుంది.

నా లెక్క: మొగుడూ పెళ్లాలకు ఐదర్ ఆర్ సర్వైవర్, తల్లిదండ్రులతో కొడుకో కూతురో ఉంటే ఫార్మర్ ఆర్ సర్వైవర్, పెద్దవాళ్ల పేరే ముందు. ఇంకో మాట లేదు. "వాడు నా కొడుకే కదా సార్, ఐదర్ పెట్టండి" అంటారు. ఐదర్ పెడితే ఆ కొడుకు మీకు చెప్పకుండా మొత్తం ఊడ్చుకుపోయినా బ్యాంకును ఒక్క మాట అనలేరు, మీరే సంతకం పెట్టి ఇచ్చిన అధికారం అది. గొడవ వచ్చాక ఒకరు ఆపమని రాసిస్తే సాధారణంగా బ్యాంకు ఆపుతుంది. కానీ అప్పటికి ఖాతాలో ఏం మిగిలిందన్నదే ప్రశ్న.

ఇక్కడి వరకు ఎవరికైనా వచ్చేస్తుంది.

అందరూ తప్పు చేసేది ఇక్కడ: గడువుకు ముందు ఎఫ్‌డీ తీయడం

సేవింగ్స్‌లో ఐదర్ ఆర్ సర్వైవర్ అంటే ఈ రోజు వెళ్లి ఈ రోజే తీసుకోవచ్చు. ఎఫ్‌డీలో అదే మాటకు అర్థం కాస్త ఇరుకవుతుంది. అక్కడ ఆ సూచన గడువు తీరాక డబ్బు ఎవరికి ఇవ్వాలో చెబుతుంది. గడువుకు ముందే తీయాలంటే ఇద్దరూ బతికున్నప్పుడు ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు పోయాక, మిగిలినవాళ్ల సంతకంతో పాటు పోయినవాళ్ల వారసులందరి సమ్మతీ కావాలి. ఫార్మర్ ఆర్ సర్వైవర్‌లోనూ ఇదే తంతు. బాండు మీద సర్వైవర్ అని పెద్దక్షరాల్లో ఉన్నా ఇంతే. నమ్మరు ఎవరూ, నా మీదే కోప్పడతారు.

మా వెనక వీధిలో ఒక అక్క ఉంది. వాళ్లాయన రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లోంచి 8 లక్షలు ఐదేళ్లకు ఎఫ్‌డీ వేశాడు, ఇద్దరి పేర్ల మీద, ఐదర్ ఆర్ సర్వైవర్. రెండో ఏడాదిలో ఆయన పోయాడు. సేవింగ్స్‌లో ఉన్న డబ్బు తీసుకోవడానికి ఆమెకు ఏ ఇబ్బందీ రాలేదు, దాంతో ఎఫ్‌డీ కూడా అంతే అనుకుంది. ఆ తర్వాత మోకాలి ఆపరేషన్ అన్నారు డాక్టర్లు, బాండు పట్టుకుని బ్యాంకుకు వెళ్లింది. గడువు ఇంకా మూడేళ్లకు పైనే ఉంది. "పిల్లలందరి సంతకాలూ తీసుకురండమ్మా" అన్నారు. చిన్నకొడుకు ఇంట్లోనే ఉన్నాడు, సంతకం పెట్టాడు. కూతురు మదనపల్లె నుంచి బస్సెక్కి వచ్చి పెట్టి వెళ్లింది. పెద్దకొడుకు బెంగళూరులో ఉన్నాడు, పొలం పంపకం దగ్గర అలిగి ఉన్నాడు. ఆ కోపం ఈ కాగితం మీద చూపించాడు. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చారు, దాంట్లో అతని పేరు ఉంది, అతని సంతకం లేదు. కాగితం అలాగే ఆగిపోయింది. అక్క గాజులు కుదువ పెట్టి ఆపరేషన్ చేయించుకుంది. ఐదు నెలల తర్వాత గంగజాతరకు వచ్చినప్పుడు మేనమామ పక్కన కూర్చోబెట్టి నాలుగు మాటలు చెబితే అప్పుడు పెట్టాడు సంతకం. తప్పు బ్యాంకు వాళ్లదని ఆమె ఇప్పటికీ అంటుంది. కాదక్కా అంటే వినదు.

దీనికి మందు ఒక్క కాగితం. 2012 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది: జాయింట్ ఖాతాదారులు ఇద్దరూ కలిసి ముందే అనుమతి రాసిస్తే, ఒకరు పోయినప్పుడు మిగిలినవాళ్లకు వారసుల సమ్మతి అడగకుండానే గడువుకు ముందు డబ్బు ఇవ్వొచ్చు. దానికి జరిమానా కోత కూడా ఉండకూడదు. ఈ అనుమతి ఎఫ్‌డీ వేసేటప్పుడే ఇవ్వాలని లేదు, మధ్యలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు. ఒక్కటే షరతు, ఇద్దరూ బతికుండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకరు ఐసీయూలో ఉన్నప్పుడు గుర్తొచ్చి లాభం లేదు, వేలిముద్ర వేయించుకొస్తామని పరుగెత్తినవాళ్లను చూశాను.

కొత్త ఫారాల్లో ఇది ఒక టిక్కు గడిగా ఉంటుంది, చివరి పేజీలో, చీమ తలంత అక్షరాల్లో. కౌంటర్లో ఉన్నవాళ్లు గబగబా సంతకాలకు వేలు చూపిస్తారు, ఆ గడి ఖాళీగా మిగిలిపోతుంది. పాత ఎఫ్‌డీకైతే తెల్లకాగితం మీద రాయండి. బ్యాంకు సొంత ఫారం ఇస్తే అది నింపండి, లేకపోతే ఇలా:

"మా ఇద్దరి పేర్ల మీద ఉన్న ఈ టర్మ్ డిపాజిట్‌ను గడువుకు ముందే మూయడానికి పైన చెప్పిన ఆపరేషన్ సూచన ప్రకారమే అనుమతించగలరు. మాలో ఒకరు మరణిస్తే, మిగిలినవారు వారసుల సమ్మతి లేకుండానే గడువుకు ముందు డబ్బు తీసుకోవచ్చు. ఇది మేమిద్దరం కలిసి ఇస్తున్న ఆదేశం."

పైన ఎఫ్‌డీ నంబర్లు, ఒక్కోదాని ఆపరేషన్ సూచన అన్నీ విడివిడిగా రాయండి, "మా డిపాజిట్లన్నీ" అని రాస్తే ఒకటి ఎక్కి ఒకటి మిగిలిపోతుంది. ఐదర్ ఆర్ సర్వైవర్ ఉన్నచోట మొదటి వాక్యం పెడితే ఇద్దరూ ఉండగానే ఒక్కరే ఎఫ్‌డీ పగలగొట్టగలరని గుర్తుంచుకోండి. అది ఇష్టం లేకపోతే ఆ వాక్యం తీసేసి రెండోది మాత్రం ఉంచండి. నేను మా ఆవిడతో రెండూ పెట్టాను. మా తమ్ముడు రెండోదే పెట్టాడు, అది వాళ్లింటి సంగతి.

కొందరు ఇంత తతంగం ఎందుకని చిన్న చిన్న ఎఫ్‌డీలుగా వేస్తారు, ఒకటి గడువు తీరితే ఒకటి చేతికొస్తుందని. మంచిదే, కానీ ఆపరేషన్ తారీకు మీ గడువు తారీకు చూసుకుని రాదు. ఇంకొందరు నామినీ ఉన్నాడుగా అంటారు. జాయింట్ ఖాతాలో నామినీ హక్కు ఖాతాదారులందరూ పోయాకే మొదలవుతుంది. భార్య బతికుండగా నామినీగా ఉన్న కొడుకు వచ్చి అడిగినా ఇవ్వరు.

డబ్బు చేతికి రావడం వేరు, సొంతం కావడం వేరు

సర్వైవర్‌కు ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది. అంతమాత్రాన ఆ డబ్బు సర్వైవర్‌ది అయిపోదు, వారసుల తరఫున ధర్మకర్తగా తీసుకున్నట్టే లెక్క. నామినీకీ అంతే, 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో నామినీకి తీసుకునే హక్కే గానీ యాజమాన్యం కాదని చెప్పేసింది. అక్క సంగతే తీసుకుంటే, ఆ 8 లక్షలూ ఆయన సొంత సంపాదన, విల్లు రాయలేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ముగ్గురు పిల్లలకు సమానంగా నాలుగు వాటాలు, తలా 2 లక్షలు. ఆయన తల్లి బతికి ఉంటే ఐదు వాటాలు, తలా 1 లక్షా 60 వేలు. కూతురు పెళ్లయి పోయిందని ఆమె వాటా పోదు. ఆ ఎఫ్‌డీలో సగం అక్క నగలు అమ్మిన డబ్బే అయితే ఆ సగం పంపకంలోకి రాదు, కానీ దాన్ని చూపించుకోవాల్సింది ఆమే. అందుకే, మొత్తం భార్యకే చెందాలనుకుంటే విల్లు రాయాలి. ఈ కాగితం ఆ పని చేయదు. ఇది పరుగులు తప్పిస్తుంది, వాటాలు తేల్చదు.

చివరగా, ఎక్కించారో లేదో చూడండి

కాగితం ఇచ్చి ఇంటికొచ్చేయకండి. నకలు మీద బ్యాంకు ముద్ర, తారీకు వేయించుకోండి. వారం ఆగి వెళ్లి, ప్రతి ఎఫ్‌డీకీ ఆపరేషన్ విధానం, ముందస్తు ఉపసంహరణ అనుమతి ఎక్కాయో లేదో ప్రింట్ తీయించుకోండి. రెన్యూ అయినప్పుడల్లా మళ్లీ చూడండి, కొత్త నంబరు పడితే పాత కాగితం దానికి వర్తిస్తుందో లేదో అడిగి, అనుమానం ఉంటే ఇంకోటి ఇచ్చేయండి. ముద్ర వేసిన నకలు బాండుతో కలిపి ఒకే కవర్లో పెట్టి, ఆ కవరు బీరువాలో ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించండి. నేను మా కోడలికి చూపించాను, కొడుక్కి చూపిస్తే మర్చిపోతాడు.