ఇంక్రిమెంట్ లెటర్‌లో నెలవారీ లెక్క

పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలో ఇంక్రిమెంట్ లెటర్లు ఇచ్చిన ప్రతిసారీ, "ఎనిమిది శాతం అన్నారు, చేతికి అంత రాలేదేమండీ?" అని అడిగేవారు. ఈసారి శాతంతో పాటు నెల లెక్కను కూడా రాశాను. ఆ ప్రశ్న దాదాపుగా ఆగిపోయింది.

మొదటి వాక్యంలో రేటింగ్‌నూ దానికి కారణమైన పనినీ కలిపి రాయండి: "బ్యాచ్ రికార్డులన్నీ గడువులోగా ఇచ్చినా, దిద్దుబాట్లు నెలకు ఆరు వరకు ఉన్నందున 5కు 3 ఇచ్చాము." తరువాత జీతం: "రూ.24,000 నుంచి రూ.25,920, పెంపు రూ.1,920. మూలవేతనం రూ.12,000 నుంచి రూ.12,960 అయినందున పీఎఫ్ కోత రూ.115 పెరిగి, చేతికి సుమారు రూ.1,805 అదనంగా వస్తుంది." చివర వచ్చే ఏడాది ఆశించేది కూడా రేటింగ్ తగ్గించిన ఆ అంశం నుంచే రావాలి: "సెప్టెంబరుకల్లా దిద్దుబాట్లు నెలకు రెండుకు తగ్గాలి." సంబంధం లేని కొత్త లక్ష్యం పెడితే రేటింగ్‌కు చెప్పిన కారణాన్ని ఎవరూ నమ్మరు.

ఒక జాగ్రత్త: జూలై పెంపుతో జీతం రూ.21,000 దాటినవారికి ఈఎస్ఐ కోత సెప్టెంబరు నెలాఖరు వరకు పెరిగిన జీతం మీదే కొనసాగుతుంది కాబట్టి, వారికి పై లెక్క సరిపోదు; చేతికి వచ్చే మొత్తాన్ని అక్టోబరుకు విడిగా చూపాలి.