అమ్మ రాసిన సరుకుల చీటీని షాపు వరసలో పెట్టుకున్నా

అమ్మ చీటీ ఫోటో వాట్సాప్‌లో పంపుతుంది, గుర్తొచ్చినప్పుడల్లా కింద ఒకటి చేరుస్తూ రాస్తుంది కాబట్టి పైన "కందిపప్పు 1 కి", పన్నెండు సరుకుల తర్వాత మళ్లీ "కం.పప్పు అర" అని ఉంటుంది. సూపర్‌మార్కెట్లో నేను పైది తీసుకుని కిందది మర్చిపోయేదాన్ని.

ఇప్పుడు ఫోటో చూస్తూ ఫోన్‌లోని గూగుల్ షీట్స్‌లో నాలుగు గడుల్లో ఎక్కిస్తున్నా: విభాగం, సరుకు, పరిమాణం, కొలత. పావు అంటే 250, అర అంటే 500, కిలో అంటే 1000, తూకం సరుకులన్నీ గ్రాముల్లోనే. పక్కన F1 గడిలో ఇది:

```
=QUERY(A2:D,"select A,B,D,sum(C) where B is not null group by A,B,D",0)
```

కందిపప్పు ఒకే వరుసలో 1500 గ్రాములుగా వచ్చింది. జాబితా షాపు వరసలోనే రావడానికి విభాగం పేరు ముందు నేను నడిచే వరస అంకె వేస్తా, "1 పప్పులు", "2 నూనెలు" అలా.

మొదటిసారి మాత్రం కందిపప్పు రెండు వరుసలుగానే వచ్చింది, చూస్తే ఒకచోట "కంది పప్పు" అని మధ్యలో ఖాళీ పడింది. పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. నూనె ఒకచోట లీటరు, ఇంకోచోట కిలో రాసింది, అవి కలపకూడదు, ఎందుకంటే లీటరు నూనె కిలోకి కాస్త తక్కువే తూగుతుంది. కొలత గడి వేరుగా ఉంది కాబట్టి అవి విడిగానే నిలిచాయి.

"మిర్చి పావు" దగ్గర ఆగిపోయా. పైన ధనియాలు, కింద జీలకర్ర ఉన్నాయి కాబట్టి ఎండుమిర్చే అనుకున్నా, అయినా ఫోన్ చేసి అడిగా. "పచ్చిమిర్చే అమ్మా, పచ్చడికి" అంది.